వంకర చేనుకి ఎన్ని బస్తాల ఎరువు? హెక్టారు లెక్కను గుంటల్లోకి దించే పద్ధతి

హోసకోట, దేవనహళ్ళి, ఆనేకల్, దొడ్డబళ్ళాపురం... బెంగళూరు చుట్టుపక్కల తెలుగు కుటుంబాల చేతుల్లో చిన్న చిన్న భూముల ముక్కలు చాలా ఉన్నాయి. పాతకాలం నుంచి ఇక్కడే ఉన్నవాళ్ళవి కొన్ని, ఉద్యోగానికి వచ్చి కొనుక్కున్నవాళ్ళవి కొన్ని. పది గుంటలు, పదిహేను గుంటలు, మహా అయితే ఎకరం. ఒక పక్క కాలువ, ఇంకో పక్క బండ, మూడో పక్క వంకరగా పోయే గట్టు. కానీ ఎరువుల సిఫారసు మాత్రం ఎప్పుడూ హెక్టారుకి ఇన్ని కిలోలు అనే ఉంటుంది. షాపులో దొరికేదేమో బస్తా. ఈ రెండింటి మధ్య లెక్కను చాలామంది అందాజుగా తేల్చేసి, ‘ఒక బస్తా అది, ఒక బస్తా ఇది’ అని తెచ్చి చల్లేస్తారు.

చిన్న చేలల్లో తప్పు ఎరువు లెక్కలో కంటే నేల లెక్కలోనే ఎక్కువగా జరుగుతుంది. యూరియాలో నత్రజని ఎంతో బస్తా మీదే రాసి ఉంటుంది, దాన్ని ఎవరైనా చూసుకోవచ్చు. అసలు విత్తిన నేల ఎంతో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. అందుకే ఇక్కడ సగం పైగా కొలత గురించే చెప్తాను. హోసకోట వైపు మా పెద్దమ్మ వాళ్ళ రాగి చేను ఒకటి ఉంది, బోరు నీళ్ళ కింద. దాన్నే మొదటి నుంచి చివరి దాకా లెక్క కట్టి చూపిస్తాను.

ముందు పహణీ చదవడం

పహణీ ప్రకారం ఆ చేను 0-10, అంటే సున్నా ఎకరాలు, పది గుంటలు. కర్ణాటకలో ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం. మీటర్లలో 101 చదరపు మీటర్లకు కాస్త పైన.

అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. మన అడంగల్‌లో 1.20 అని ఉంటే ఎకరం ఇరవై సెంట్లు, అంటే 1.2 ఎకరాలు. ఇక్కడి పహణీలో అవే అంకెలు ఉంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. ఒకే కాగితాన్ని ఆ అలవాటుతో చదివితే నేలని ఐదో వంతు తక్కువగా లెక్క వేసినట్టే. తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళకి గుంటలు అలవాటే కాబట్టి ఈ తికమక ఉండదు. ఇంటి దగ్గర సెంట్లలో మాట్లాడుకునేవాళ్ళు రెండున్నర సెంట్లు ఒక గుంట అని గుర్తుపెట్టుకుంటే చాలు.

పహణీలోనే ‘ఖరాబు’ అని ఒక గడి ఉంటుంది. సాగుకి పనికిరాని భాగం, అంటే బండ, దారి, కాలువ లాంటివి అందులో చూపిస్తారు. మొత్తం విస్తీర్ణంలోంచి దాన్ని తీసేశాకే సాగు భూమి అంకె వస్తుంది. మొత్తం అంకెని పట్టుకుని ఎరువు లెక్క వేయకూడదు. అయితే ఖరాబు సున్నా అని రాసి ఉన్నంత మాత్రాన చేనులో బండ లేదని కాదు. పెద్దమ్మ వాళ్ళ పహణీలో ఖరాబు ఏమీ లేదు, చేనులో మాత్రం ఒక బండ తేలి ఉంది.

“పహణీలో పది గుంటలని ఉంది కదరా, మళ్ళీ టేపు ఎందుకు?” అని ఆవిడ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. పహణీ చెప్పేది హద్దు రాళ్ళ మధ్య ఉన్న భూమి. మనం ఎరువు వేసేది మొక్క ఉన్న నేలకి. పెద్ద పొలంలో ఈ రెండింటి మధ్య తేడా పెద్దగా కనిపించదు. చిన్న ముక్కలో అదే పదో వంతు దాకా పోతుంది.

చిన్న చేనులో అంచు ఎందుకంత ముఖ్యం

చేను చుట్టూ గీత ఒక మీటరు బయటికి జరిగితే విస్తీర్ణం ఎంత పెరుగుతుంది? దాదాపు చుట్టుకొలత ఎన్ని మీటర్లో అన్ని చదరపు మీటర్లు. ఐదెకరాల పొలం చదరంగా ఉందనుకుంటే దాని చుట్టుకొలత సుమారు 570 మీటర్లు, విస్తీర్ణం ఇరవై వేల చదరపు మీటర్ల పైన. మీటరు తప్పితే మూడు శాతం లోపే తేడా. పెద్దమ్మ చేను చుట్టుకొలత 130 మీటర్లు, విస్తీర్ణం 900 చదరపు మీటర్ల దగ్గర. అదే మీటరు తప్పు ఇక్కడ 14 శాతం అవుతుంది.

గట్టు వెంబడి నడిచి కొలిచే ఫోన్ యాప్‌లని చిన్న చేలకి నేను నమ్మనిది ఇందుకే. ఆరుబయట కూడా ఫోన్ చూపించే చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. ఐదెకరాలకి ఆ యాప్ చాలా బాగా పనికొస్తుంది. పది గుంటలకి టేపే కావాలి.

గట్టు సంగతీ ఇంతే. అర మీటరు వెడల్పు గట్టు చుట్టూ ఉంటే అదే 65 చదరపు మీటర్లు తినేస్తుంది. కాబట్టి టేపుని గట్టు మీద కాకుండా గట్టు లోపలి వైపు అడుగున, సాళ్ళు మొదలయ్యే చోట పెట్టండి.

టేపు, నాలుగు కర్రలు, ఒక మనిషి తోడు

30 మీటర్ల ఫైబర్ టేపు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. తాడుతో కొలవాలంటే కొలవొచ్చు గానీ, నైలాన్ తాడు లాగితే సాగుతుంది. దాన్ని కొలతకి కాకుండా గీత తిన్నగా వేసుకోవడానికి వాడండి. నాలుగు మూలల్లో నాలుగు కర్రలు పాతి, చేను చుట్టూ తిరిగే వరసలోనే వాటికి క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టి కాగితం మీద బొమ్మ వేసుకోండి. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు, ఏ అంకె ఏ అంచుదో తెలిస్తే చాలు.

పెద్దమ్మ చేనులో అంచులు ఇలా వచ్చాయి: క నుంచి ఖ 42 మీటర్లు, ఖ నుంచి గ 28, గ నుంచి ఘ 36, ఘ నుంచి క 24.

ఊళ్ళల్లో ఇక్కడ ఆగి, ఎదురెదురు అంచుల సగటులు తీసి గుణించేస్తారు. 42, 36 సగటు 39. 28, 24 సగటు 26. రెండూ గుణిస్తే 1014 చదరపు మీటర్లు. పహణీలో ఉన్న పది గుంటలకి, అంటే 1012 చదరపు మీటర్లకి, ఇది అచ్చంగా సరిపోయింది కాబట్టి నమ్మబుద్ధి వేస్తుంది. నమ్మకండి. ఈ సగటు పద్ధతి మూలలు నాలుగూ చదరంగా ఉన్నప్పుడే సరైన జవాబు ఇస్తుంది. చేను పక్కకి వాలినట్టు ఉంటే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎన్నడూ చూపించదు. నాలుగు అంచులూ అవే ఉంచి చేనుని ఎంత పక్కకి నొక్కినా సగటులు మారవు, కానీ మధ్యలో నేల తగ్గిపోతూ ఉంటుంది. అందుకే నాలుగు అంచులు కొలిస్తే సరిపోదు. ఐదో కొలత ఒకటి కావాలి, అదే ఐమూల.

క నుంచి గ కి ఐమూలగా కొలిస్తే 56 మీటర్లు వచ్చింది. టేపు 30 మీటర్లే కాబట్టి మధ్యలో ఒక కర్ర పాతాలి. ఆ కర్ర సరిగ్గా వరసలో ఉందో లేదో చూడటానికి, ఒకరు క దగ్గర నిలబడి గ కర్రని చూస్తూ, మధ్య కర్ర దాన్ని పూర్తిగా కప్పేదాకా రెండో మనిషిని అటూ ఇటూ జరపాలి.

ఇప్పుడు నాలుగు మూలల చేను రెండు త్రిభుజాలైంది. మూడు అంచులూ తెలిసిన త్రిభుజం విస్తీర్ణానికి బడిలో చదివిన సూత్రమే ఇది:

```
s = (a + b + c) / 2
A = √( s × (s − a) × (s − b) × (s − c) )
```

మొదటి త్రిభుజం అంచులు 42, 28, 56. మొత్తం 126, అందులో సగం 63. 63 లోంచి ఒక్కో అంచు తీసేస్తే 21, 35, 7. ఈ నాలుగు అంకెలనీ గుణించి వర్గమూలం తీస్తే 569 చదరపు మీటర్లు. రెండో త్రిభుజం అంచులు 36, 24, 56. సగం మొత్తం 58, మిగిలినవి 22, 34, 2. జవాబు 295. రెండూ కలిపితే 864 చదరపు మీటర్లు. సగటు పద్ధతి చెప్పిన 1014 కంటే ఇది 150 తక్కువ.

ఫోన్ కాలిక్యులేటర్‌లో వర్గమూలం గుర్తు కనిపించకపోతే ఫోన్‌ని అడ్డంగా తిప్పండి, చాలా ఫోన్లలో వస్తుంది. అదీ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఇష్టం. ఐమూల మీద తాడు బిగించి కట్టండి. ఖ మూల దగ్గర టేపు సున్నాని పట్టుకుని, రెండో చివరని తాడు మీద అటూ ఇటూ జరపండి. ఎక్కడ అన్నిటికంటే చిన్న అంకె వస్తుందో అదే లంబం. ఖ నుంచి తాడుకి 20.3 మీటర్లు వచ్చింది, ఘ నుంచి 10.5. రెండూ కలిపి సగం చేస్తే 15.4. దాన్ని 56తో గుణిస్తే 862. రెండు దారుల్లోనూ జవాబు దాదాపు ఒకటే వచ్చింది కాబట్టి కొలత మీద భరోసా పెట్టుకోవచ్చు. రెండింటికీ మూడు శాతానికి మించి తేడా వస్తే ఎక్కడో టేపు తప్పుగా చదివారని అర్థం. మొదటి సూత్రంలో వర్గమూలం కింద మైనస్ అంకె వచ్చిందంటే ఆ మూడు అంచులతో త్రిభుజమే ఏర్పడదు, ఏదో ఒక అంచుని మళ్ళీ కొలవాల్సిందే.

ఏదైనా మూల చేను లోపలికి తోసుకుని వచ్చి ఉంటే ఐమూలని ఆ మూల నుంచే మొదలుపెట్టండి. వేరే రెండు మూలల మధ్య తీస్తే టేపు పక్కవాళ్ళ చేనులోంచి పోతుంది, లెక్క కూడా తప్పుతుంది. ఐదారు మూలలున్న చేనుకీ పద్ధతి ఇదే, త్రిభుజాలు మాత్రం పెరుగుతాయి.

వంపు తిరిగిన అంచు

క నుంచి ఖ దాకా మనం కొలిచింది తిన్నని గీత. అసలు అక్కడ గట్టు కాలువ వెంబడి బయటికి ఉబ్బి ఉంది. ఆ ఉబ్బులో కూడా రాగి ఉంది కాబట్టి దాన్ని కలపాలి. 42 మీటర్ల గీత మీద ప్రతి 7 మీటర్లకి ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి గట్టు అడుగు దాకా ఎంత దూరమో కొలిచాం. రెండు చివర్లా సున్నా, మధ్యలో వరసగా 1.5, 2.8, 3.2, 2.6, 1.4. ఈ ఐదింటినీ కూడితే 11.5. గుర్తుల మధ్య దూరం 7తో గుణిస్తే 80 చదరపు మీటర్లకు కాస్త పైన. గట్టు లోపలికి నొక్కుకుని ఉంటే ఇదే లెక్క వేసి, కలపడానికి బదులు తీసేయాలి. చివర్లలో సున్నా రాని చోట, ఆ రెండు చివరి కొలతల్లో సగం చొప్పున మాత్రమే కూడాలి.

864కి 80 కలిపితే 944. చేనులో తేలిన బండ సుమారు 8 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు, అంటే 44. అది తీసేస్తే 900 చదరపు మీటర్లు. గుంటల్లో 8.9. హెక్టారు అంటే పదివేల చదరపు మీటర్లు కాబట్టి, ఈ చేను 0.09 హెక్టారు.

ఈ అంకెని పహణీ జిరాక్స్ వెనక రాసి పెట్టుకోండి. గట్టు మార్చేదాకా, చెట్టు కొట్టేదాకా అది మారదు. మళ్ళీ మళ్ళీ కొలవాల్సిన పని లేదు.

కాగితంలో ఉన్న కిలోలు దేని కిలోలు?

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, అందరూ జీకేవీకే అనే చోటు, నీటి కింద రాగికి చెప్పే మోతాదు హెక్టారుకి 100:50:50. ఇది నత్రజని, భాస్వరం, పొటాష్ అనే వరసలో పోషకాల కిలోలు. 100 కిలోల యూరియా అని కాదు. వంద కిలోల యూరియాలో నత్రజని 46 కిలోలే. ఈ ఒక్క పొరపాటుతో పంటకి సగం తిండి కూడా అందదు.

దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు మట్టి పరీక్ష కార్డు దగ్గర జరుగుతుంది. సాయిల్ హెల్త్ కార్డులో పంట వారీగా ఇచ్చే సిఫారసు సాధారణంగా యూరియా, డీఏపీ, పొటాష్ అని ఎరువుల పేర్లతోనే, హెక్టారుకి కిలోల్లో ఉంటుంది. అంటే పోషకం నుంచి ఎరువుకి మార్చే పని వాళ్ళే చేసేశారు. మీరు మళ్ళీ 0.46తో భాగిస్తే మోతాదు రెట్టింపు దాటిపోతుంది. అంకె పక్కన పోషకం పేరు ఉందా, ఎరువు పేరు ఉందా చూడండి. ఎరువు పేరు ఉంటే మీ హెక్టార్లతో గుణించి ఆగిపోండి. మీ నేలకి మట్టి పరీక్ష చేసిన కార్డు ఉంటే, అందరికీ కలిపి చెప్పే మోతాదు కంటే దాన్నే పట్టుకోండి.

మన దగ్గర ఉన్నది పోషకాల అంకె. 0.09తో గుణిస్తే నత్రజని 9 కిలోలు, భాస్వరం 4.5, పొటాష్ 4.5.

గుంటల్లో ఆలోచించేవాళ్ళకి ఒక తేలిక దారి ఉంది. హెక్టారుకి సుమారు 99 గుంటలు. కాబట్టి హెక్టారు మోతాదుని వందతో భాగిస్తే గుంటకి ఎంతో వచ్చేస్తుంది, తేడా ఒక్క శాతమే. హెక్టారుకి 100 కిలోలంటే గుంటకి కిలో. 8.9 గుంటలకి 8.9 కిలోలు. సెంట్లలో అయితే 247తో భాగించాలి, నోటి లెక్కకి 250 అనుకున్నా నష్టం లేదు.

పోషకం నుంచి బస్తాకి

బస్తా మీద పెద్దగా రాసి ఉండే మూడు అంకెలు నూటికి ఎన్ని పాళ్ళు నత్రజని, భాస్వరం, పొటాష్ ఉన్నాయో చెప్తాయి. డీఏపీ 18-46-0, యూరియాలో నత్రజని 46 శాతం, మామూలు ఎర్ర పొటాష్‌లో పొటాష్ 60 శాతం. కావలసిన పోషకాన్ని శాతంతో భాగించి వందతో గుణిస్తే ఎరువు కిలోలు వస్తాయి.

ఇక్కడ వరస ముఖ్యం. డీఏపీని ముందు లెక్కేయాలి, యూరియాని చివర్లో. డీఏపీలో భాస్వరంతో పాటు నత్రజని కూడా వస్తుంది కాబట్టి. 4.5 కిలోల భాస్వరానికి డీఏపీ 9.8 కిలోలు కావాలి. అందులో నత్రజని 1.76 కిలోలు వచ్చేసింది. తొమ్మిదిలో మిగిలింది 7.24, దానికి యూరియా 15.7 కిలోలు. పొటాష్ 7.5 కిలోలు. ముందే యూరియా లెక్కేసి ఉంటే 19.6 కిలోలు వచ్చేది, అంటే దాదాపు 4 కిలోలు అదనం. నత్రజని ఎక్కువైన రాగి ఆకు ముదురు పచ్చగా, ఏపుగా పెరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. తర్వాత కంకి బరువుకి, గాలివానకి పడిపోతుంది.

ఇప్పుడు బస్తాలు చూద్దాం. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు. 50 అనుకుని లెక్కేసే అలవాటు ఇంకా పోలేదు. సల్ఫర్ పూత ఉన్న కొత్త రకం యూరియా 40 కిలోల బస్తాలో వస్తుంది, అందులో నత్రజని 37 శాతమే. డీఏపీ, పొటాష్ బస్తాలు 50 కిలోలు. అంటే ఈ చేనుకి డీఏపీ బస్తాలో ఐదో వంతు, యూరియా మూడో వంతుకి కాస్త పైన, పొటాష్ ఏడో వంతు. మూడు బస్తాలు కొంటే మూడింటిలోనూ సగానికి పైగా మిగిలిపోతుంది.

అందుకే ఇలాంటి చిన్న చేనుకి ఎరువు రకాన్ని కూడా ఆలోచించి ఎంచుకోవాలి. మోతాదు 100:50:50 కాబట్టి భాస్వరం, పొటాష్ సమానం. 17-17-17 కాంప్లెక్స్ తీసుకుంటే 4.5 కిలోల భాస్వరానికి 26.5 కిలోలు చాలు. అందులోనే పొటాష్ 4.5 కిలోలూ, నత్రజని 4.5 కిలోలూ వచ్చేస్తాయి. మిగిలిన సగం నత్రజనికి యూరియా 9.8 కిలోలు. మూడు ఎరువులకి బదులు రెండే. పైగా సగం నత్రజని నాటేటప్పుడు దుక్కిలో, మిగతాది పైపాటుగా వేయమనే పద్ధతికి ఇది అచ్చు గుద్దినట్టు సరిపోతుంది: కాంప్లెక్స్ అంతా అడుగున, యూరియా అంతా పైపాటుకి. పైపాటు ఒకేసారా, రెండు దఫాలా అన్నది మీ సిఫారసు కాగితంలో ఎలా ఉంటే అలా పంచుకోండి.

షాపులో 17-17-17 లేకపోతే 10-26-26 అయినా పర్వాలేదు. అది 17.3 కిలోలు, యూరియా 15.8 కిలోలు పడతాయి. అప్పుడు నాటేటప్పుడే 6 కిలోల యూరియా కూడా వేయాలి, ఎందుకంటే ఆ కాంప్లెక్స్‌లో నత్రజని 1.7 కిలోలే. 20-20-0-13 మాత్రం దీనికి బదులు కాదు. మూడో అంకె సున్నా, అంటే అందులో పొటాష్ లేదు. చివర ఉన్న 13 గంధకం. డ్రిప్‌లో వేసే నీటిలో కరిగే 19-19-19 పొడి ధర కిలోకి చాలా ఎక్కువ, దాన్ని దుక్కిలో వేయడం డబ్బు పోగొట్టుకోవడమే.

మీ మోతాదులో మూడు అంకెలూ వేర్వేరుగా ఉంటే, ఉదాహరణకు 50:40:25 అని ఉంటే, కాంప్లెక్స్ ఎంత కావాలో మూడు పోషకాలకీ విడివిడిగా లెక్కేసి, వచ్చిన మూడింట్లో అన్నిటికంటే చిన్న అంకెని తీసుకోండి. 17-17-17 అయితే ఇక్కడ అది పొటాష్ వల్ల వచ్చే 147 కిలోలు, హెక్టారుకి. మిగతా లోటుని డీఏపీ, ఆ తర్వాత యూరియాతో పూడ్చండి. పెద్ద అంకె తీసుకుంటే ఏదో ఒక పోషకం తప్పకుండా ఎక్కువై పోతుంది.

షాపులో

26.5 కిలోలకి బస్తా కొనక్కర్లేదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం చిల్లర డీలరు ఒక్కో రకం ఎరువులో ఒక బస్తాని తెరిచి ఉంచి విడిగా అమ్మవచ్చు. అందరూ అలా అమ్మరు, కానీ అడగడంలో తప్పు లేదు. విడిగా కొనేటప్పుడు బస్తా మీద అంకెలు మీరే చూసి, మీ కళ్ళ ముందే కాటా వేయించుకోండి. ఇంకో మంచి దారి పక్క చేనువాళ్ళతో కలిసి కొనడం. పెద్దమ్మ చేను పక్కనే ఆవిడ మరిది గారిది ఇంచుమించు అంతే చేను. ఇద్దరికీ కలిపి 17-17-17 సుమారు 53 కిలోలు అవుతుంది. ఒక బస్తా 50 కిలోలు, అంటే ఆరు శాతం తక్కువ. ఆ ఆరు శాతం కోసం రెండో బస్తా కొనొద్దు. టేపు కొలతలోనే రెండు మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది, చేత్తో చల్లడంలో అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. లోటు పది శాతం దాటితే అప్పుడు విడిగా తెచ్చి కలపండి.

చల్లేటప్పుడు

ఇంత లెక్కా వేసి, చల్లేటప్పుడు సగం సంచి అటు, సగం సంచి ఇటు అని పంచితే కష్టమంతా వృథా. ఈ చేనులో ఐమూలకి ఒక పక్కన చిన్న త్రిభుజం 295, ఇంకో పక్కన పెద్ద త్రిభుజం 569కి ఉబ్బు 80 కలిపి, అందులోనే ఉన్న బండ 44 తీసేస్తే 605. అంటే మూడో వంతు ఒక పక్క, రెండు వంతులు ఇంకో పక్క. ఐమూల తాడుని తీసేయకుండా ఉంచి, 26.5 కిలోలని ముందే రెండు గంపల్లోకి తూచండి: చిన్న దానికి 8.8, పెద్ద దానికి 17.7. ఒక్కో గంపలో సగం పొడవునా నడుస్తూ, మిగతా సగం అడ్డంగా నడుస్తూ చల్లితే చారలు పడవు. మూలలు సన్నబడే చోట చెయ్యి మామూలు జోరుతో విసిరితే ఎరువు గట్టు మీద పడుతుంది, అక్కడ వంగి దగ్గరగా వేయండి.

కాటా అందుబాటులో లేక డబ్బాతో కొలిచేవాళ్ళు ఒక్కో ఎరువుకి డబ్బాని విడిగా తూచి గుర్తు పెట్టుకోవాలి. యూరియా తేలిక. కిలో యూరియా పట్టే డబ్బాలో డీఏపీ, పొటాష్ కిలోకి మించి పడతాయి.

చల్లాక సరిగ్గా పడిందో లేదో పైపాటు వేసిన పది రోజులకి చేనే చెప్తుంది. ఆకు రంగు ఒక చోట ముదురుగా, పక్కనే లేతగా పట్టీలు పట్టీలుగా ఉంటే చల్లడంలో తేడా వచ్చినట్టు. ఐమూలకి ఒక పక్క మొత్తం ముదురుగా, రెండో పక్క లేతగా ఉంటే గంపలు పంచడంలో తప్పు. చేను మొత్తం ఒకే రకంగా పసుపుగా ఉంటే అది లెక్కలో లోటు కావచ్చు, నీళ్ళు నిలవడం కూడా కావచ్చు. ముందు నేల తవ్వి తేమ చూసి, ఆ తర్వాతే యూరియా గురించి ఆలోచించండి.

ఒక్కరే బస్తా కొనుక్కున్నవాళ్ళ దగ్గర 17-17-17 ఇంకా 23.5 కిలోలు, యూరియా 35 కిలోల దాకా మిగులుతాయి. లోపలి ప్లాస్టిక్ సంచిని గాలి దూరకుండా బిగించి కట్టి, నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి. ముసురు రోజుల్లో యూరియా గాలిలో తేమని పీల్చుకుని గడ్డకడుతుంది. గడ్డలు నలిపి వాడుకోవచ్చు గానీ, కారిపోయి నీరైనంత మేరకు మీ లెక్కలోంచి పోయినట్టే. కాబట్టి వచ్చే పంటకి వాడే ముందు సంచిని మళ్ళీ తూచండి. సంచి మీద మిగిలిన కిలోలు, రకం, తేదీ మార్కర్‌తో రాయండి. అదే చేనులో మళ్ళీ రాగి వేస్తే యూరియా కొనక్కర్లేదు, 17-17-17 మాత్రం ఇంకో 3 కిలోలు విడిగా తెచ్చుకుంటే సరిపోతుంది.